పాస్‌వర్డ్ మర్చిపోతే ఫైళ్లు పోయినట్టే అయితే, అలాంటి క్లౌడ్‌ని మామూలు మనుషులు వాడొచ్చా?

సుధ_ఆర్
అప్‌లోడ్ కాకముందే మన కంప్యూటర్‌లోనే ఫైళ్లకు తాళం వేసే స్టోరేజ్ గురించి అడుగుతున్నాను. కంపెనీ వాళ్లు కూడా చదవలేరంటారు, బాగుంది. కానీ పాస్‌వర్డ్ మర్చిపోతే వాళ్లు కూడా ఏమీ చేయలేరట. ఇది నిజంగా భద్రతేనా, లేక కస్టమర్ నెత్తిన వేసిన భారమా? ఇంట్లో అందరి స్కాన్‌లు, ఫొటోలు ఇందులో పెట్టొచ్చా?

గోపి.కె
భద్రతే, ఇందులో చర్చకేముంది? ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఏ సర్వీస్‌లో అయినా "పాస్‌వర్డ్ మర్చిపోయారా?" అనే లింక్ పనిచేస్తోందంటే తాళంచెవి వాళ్ల దగ్గర ఉన్నట్టే. ఆ లింక్ ఉంటే వదిలేయండి, లేకపోతే వాడండి.

పాతసర్వర్
గోపి గారు సగం కరెక్టే చెప్పారు. ఆ మిగతా సగంలోనే జనం ఫైళ్లు పోగొట్టుకుంటున్నారు.

మన పాస్‌వర్డ్‌తో ఫైళ్లు లాక్ అవుతాయని చాలామంది అనుకుంటారు. దాదాపు ఏ మంచి టూల్‌లోనూ అలా జరగదు. ఫైళ్లను లాక్ చేసేది యాప్ మొదటిరోజే యాదృచ్ఛికంగా తయారుచేసిన మాస్టర్ కీ. మన పాస్‌వర్డ్ చేసే పని ఆ మాస్టర్ కీని మూసి ఉంచడం, అంతే. బీరువా తాళంచెవిని చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాకు మళ్లీ తాళం వేసినట్టన్నమాట.

క్రిప్టోమేటర్‌నే తీసుకోండి. కంప్యూటర్‌లో ఇది ఉచితం, కోడ్ బహిరంగం, ఏ క్లౌడ్ ఫోల్డర్ మీదైనా నడుస్తుంది. లాక్ చేసిన ఫైళ్లన్నీ ఉండే ఫోల్డర్‌ని వాల్ట్ అంటారు, అందులో `masterkey.cryptomator` అనే చిన్న ఫైల్ ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే లోపల దాదాపు ఇలా కనిపిస్తుంది (కొన్ని వరసలు తీసేశాను):

```
"scryptSalt": "...",
"scryptCostParam": 32768,
"scryptBlockSize": 8,
"primaryMasterKey": "...",
"hmacMasterKey": "..."
```

చివరి రెండు వరసల్లో ఉన్నవే అసలు తాళాలు, ఒక్కోటి 256 బిట్లు. కాకపోతే అవి కూడా మూసే ఉన్నాయి. మీరు పాస్‌వర్డ్ కొట్టగానే యాప్ దాన్ని పై మొదటి వరసలో ఉన్న సాల్ట్ అనే యాదృచ్ఛిక సంఖ్యతో కలిపి ఎస్‌క్రిప్ట్ అనే పద్ధతిలో నలిపి ఒక తాళం తయారుచేస్తుంది. దాంతో ఈ రెండింటినీ తెరుస్తుంది. ఇదంతా మీ కంప్యూటర్ మెమరీలోనే జరుగుతుంది. క్లౌడ్ కంపెనీకి చేరేది ఈ మూసిన ఫైలూ, గజిబిజి పేర్లతో ఉన్న `.c9r` ఫైళ్లూ లాంటివి మాత్రమే. ఎన్ని ఫైళ్లున్నాయి, ఒక్కోటి ఎంత సైజు, ఎప్పుడు మారింది అన్నది మాత్రం వాళ్లకు కనబడుతూనే ఉంటుంది. ఆ సంగతి ప్రకటనల్లో పెద్దగా చెప్పరు.

ఇప్పుడు రీసెట్ లింక్ సంగతి. ఇలాంటి స్టోరేజే అయిన ప్రోటాన్ డ్రైవ్‌లో అకౌంట్ పాస్‌వర్డ్ రీసెట్ చేసుకోవచ్చు. లాగిన్ అవుతారు కూడా. కానీ పాత ఫైళ్లు తెరుచుకోవు. పాత పాస్‌వర్డో, ముందే రాసిపెట్టుకున్న 12 పదాల రికవరీ ఫ్రేజో, రికవరీ ఫైలో, ఇదివరకు లాగిన్ అయిన పరికరమో, అలాంటిదేదో ఉంటేనే తెరుచుకుంటాయి. అంటే లింక్ ఉందా లేదా అన్నది కాదు, రీసెట్ తర్వాత ఫైళ్లు చదవగలుగుతున్నారా అన్నది చూడాలి. ఎవరైనా పరీక్షించుకోవచ్చు. ఒక టెస్ట్ అకౌంట్ తెరిచి పనికిరాని ఫైల్ ఒకటి పెట్టండి. తర్వాత ఇదివరకు ఆ అకౌంట్‌లోకి ఎప్పుడూ వెళ్లని వేరే కంప్యూటర్ నుంచి, ఈమెయిల్ ఒక్కటే ఆధారంగా రీసెట్ చేయండి. రికవరీ ఫ్రేజ్ అడిగినా ఇవ్వకండి. ఆ తర్వాత కూడా ఫైల్ తెరుచుకుంటే, దాన్ని తెరవగల తాళం వాళ్ల దగ్గర ఉన్నట్టే.

రఘు77
ఇంత తతంగం ఎందుకండీ? నేను వాడే డ్రైవ్ ఆల్రెడీ ఎన్‌క్రిప్టెడ్ అని వాళ్ల పేజీలోనే రాసుంది. బ్రౌజర్‌లో తాళం గుర్తు కూడా వస్తుంది. పాస్‌వర్డ్ మర్చిపోతే ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, అంతే. నాకెప్పుడూ ప్రాబ్లం రాలేదు.

నీలిమ
రఘు గారూ, సుధ గారు అడిగింది వేరే రకం గురించి. మీరు చెప్పే తాళం గుర్తు దారి మధ్యలో ఎవరూ చూడకుండా కాపాడుతుంది. వాళ్ల డిస్క్ మీద కూడా ఎన్‌క్రిప్ట్ అయే ఉంటుంది, కానీ ఆ తాళం వాళ్లదే. అందుకే ఓటీపీతో పని జరిగిపోతోంది. అది తప్పని నేననను. చాలామందికి అదే సరిపోతుంది.

లక్ష్మి పి
మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాది అచ్చం ఇదే బాధ. క్రిప్టోమేటర్ వాల్ట్ పాస్‌వర్డ్ ఈమధ్యే మార్చాను. కొత్తది ఎంత కొట్టినా తప్పంటోంది. పాతది మాత్రం బాగా గుర్తుంది. రికవరీ కీ అప్పట్లో చూపిస్తానంది, "తర్వాత" అనుకుని వదిలేశాను. రెండు రోజులుగా ఒకటే టెన్షన్. ఆశ వదులుకోవాల్సిందేనా?

పాతసర్వర్
లక్ష్మి గారూ, ఆశ వదులుకోకండి. పాతది గుర్తుందన్నారు చూడండి, అది చాలా పెద్ద విషయం.

ముందు చూడాల్సింది ఆ వాల్ట్ ఇంకెక్కడైనా తెరిచి ఉందా అని. పాత ల్యాప్‌టాప్‌లో అన్‌లాక్ అయి ఉన్నా, ఫోన్ యాప్‌లో వేలిముద్రతో తెరుచుకుంటున్నా, లాక్ చేయకుండా లోపలి ఫైళ్లన్నీ బయటికి కాపీ చేసేయండి. అలా తెరిచి ఉన్నా రికవరీ కీ మాత్రం రాదు. దాన్ని చూపించడానికి యాప్ మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. మ్యాక్‌లో పాస్‌వర్డ్ సేవ్ చేసి ఉంటే కీచైన్‌లో వెతకండి, అక్షరాలతో సహా చూపిస్తుంది.

అవేవీ లేకపోతే ఇలా చేయండి. మొత్తం వాల్ట్ ఫోల్డర్‌ని క్లౌడ్ సింక్ లేని చోటికి కాపీ చేయండి. ఆ కాపీలో `masterkey.cryptomator` పక్కనే, అదే పేరుతో మొదలై చివర `.bkup` ఉన్న ఫైళ్లు ఒకటో రెండో ఉంటాయి. మధ్యలో ఎనిమిది అక్షరాలు, అంకెలు ఉంటాయి, అది మామూలే. కంప్యూటర్ యాప్ మాస్టర్ కీ ఫైల్‌కి తనంతట తానే తీసిపెట్టుకునే నకళ్లవి. పాస్‌వర్డ్ మార్చకముందు తీసిన నకలు ఏదో తేదీ చూసి గుర్తుపట్టండి. ఇప్పుడున్న `masterkey.cryptomator` పేరు మార్చి పక్కన పెట్టండి, తీసేయకండి. నకలుకి ఆ పేరు పెట్టండి. ఈ కాపీ వాల్ట్‌ని యాప్‌లో జోడించి పాత పాస్‌వర్డ్ కొట్టండి.

ఎందుకు తెరుచుకుంటుందంటే, మీరు మార్చింది మూతని మాత్రమే. లోపల ఉన్న మాస్టర్ కీ అదే, ఫైళ్లన్నీ దానితోనే లాక్ అయి ఉన్నాయి. గిగాబైట్ల డేటా ఉన్న వాల్ట్‌లో కూడా పాస్‌వర్డ్ మార్పు క్షణంలో అయిపోవడానికి కారణం ఇదే. `.bkup` కనబడకపోతే మీ క్లౌడ్‌లో ఆ ఫైల్ పాత వెర్షన్ దొరుకుతుందేమో చూడండి. కొన్ని సర్వీసులు పాత వెర్షన్లను కొంతకాలమే ఉంచుతాయి కాబట్టి ఈరోజే చూడండి.

గోపి.కె
ఆగండాగండి. పాత పాస్‌వర్డ్‌తో తెరుచుకుంటుందంటే అది పెద్ద బొక్క కదా! నా పాస్‌వర్డ్ ఎవరికో తెలిసిపోయిందని మార్చుకుంటే ప్రయోజనమేంటి?

పాతసర్వర్
ఒక్క పాస్‌వర్డ్ తెలిస్తే చాలదు, ఆ పాత మాస్టర్ కీ ఫైల్ కూడా వాడి చేతిలో ఉండాలి. రెండూ ఉన్నాయంటే మీరు మార్చినా లాభం లేదు, నిజమే. క్లౌడ్ కంపెనీ దగ్గర ఆ ఫైల్ ఎలాగూ ఉంటుంది. పాస్‌వర్డ్ బయటపడిందన్న అనుమానం ఉంటే కొత్త వాల్ట్ తయారుచేసి ఫైళ్లన్నీ అందులోకి మార్చాలి. అప్పుడే మాస్టర్ కీ మారుతుంది. పాత వాల్ట్‌ని తీసేయాలి. అయినా ఇదివరకే ఎవరైనా కాపీ చేసుకుని ఉంటే దానికి మందు లేదు.

నీలిమ
సుధ గారి అసలు ప్రశ్నకి వద్దాం. నేనైతే ఇంట్లో అందరికీ ఇది పెట్టమని చెప్పను. గూఢచారులు మా వాళ్ల ఫొటోల వెంట పడరు, కానీ మా వాళ్లు పాస్‌వర్డ్ మర్చిపోవడం ఖాయం. ఏ ప్రమాదం ఎక్కువో చూసుకోవాలి కదా. పైగా "కంపెనీ చదవలేదు" అన్న మాట కూడా ఎంతవరకు నమ్మాలి? ఇలాంటి స్టోరేజే అయిన మెగాలో లోపాలున్నాయని 2022లో ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు బయటపెట్టారు. సర్వర్‌ని గుప్పిట్లో పెట్టుకున్నవాడు, ఆ యూజర్ 512 సార్లు లాగిన్ అయ్యేసరికి అతని ప్రైవేట్ కీని రాబట్టగలడని చూపించారు.

పాతసర్వర్
ఆ పరిశోధన నిజమే, మెగా ఆ తర్వాత సరిదిద్దుకుంది. దాన్నిబట్టి నాకు అర్థమైంది వేరు. లాక్ చేసే యాప్, దాచే కంపెనీ ఒకటే అయితే నమ్మకం రెండింతలు కావాలి. ముఖ్యంగా బ్రౌజర్‌లో తెరిచినప్పుడు తాళం వేసే కోడ్ కూడా వాళ్ల సర్వర్ నుంచే వస్తుంది. ఆ రోజు వేరే కోడ్ పంపితే మీకు తెలిసే దారి లేదు. యాప్ ఒకరిది, స్టోరేజ్ ఇంకొకరిది అయితే ఈ చిక్కు తగ్గుతుంది. ఫొటోల విషయంలో మాత్రం మీతో పెద్దగా వాదించను. ఆస్తి కాగితాలు, మెడికల్ రిపోర్టుల స్కాన్‌లకైతే నేను లాక్ వేసే పెడతాను.

గోపి.కె
పాస్‌వర్డ్ సగం గుర్తుంటే క్రాక్ చేసే ప్రోగ్రాములుంటాయిగా, దానికింత భయమెందుకు?

పాతసర్వర్
సగం గుర్తుంటే సరే. పైన 32768, 8 అని ఉన్నాయి చూశారా, వాటివల్ల ఒక్కో ప్రయత్నానికి 32 మెగాబైట్ల మెమరీ కావాలి. ప్రయత్నానికి సెకనులో పదో వంతు పట్టిందనుకుందాం. మాటలు గుర్తుండి, పెద్దక్షరం ఎక్కడ, చివర అంకె ఏది అన్న సందేహమే మిగిలితే లక్ష రకాలు ప్రయత్నించడానికి మూడు గంటల లోపే. అదే పాస్‌వర్డ్ మేనేజర్ తయారుచేసిన 12 అక్షరాల గజిబిజి అయితే జీవితకాలం చాలదు. కానీ "మీ వాల్ట్ పంపండి, తెరిచిస్తాం" అనేవాళ్లకి పంపకండి. వాళ్లు తెరిస్తే లోపలివన్నీ వాళ్లకీ దొరికినట్టే.

లక్ష్మి పి
తెరుచుకుంది!! `.bkup` ఫైళ్లు రెండున్నాయి. కొత్త తేదీ ఉన్నది తప్పంది, పాతదానితో పాత పాస్‌వర్డ్ పనిచేసింది. పాస్‌వర్డ్ మార్చిన తర్వాత చేర్చిన ఫైళ్లు కూడా వచ్చేశాయి, అది మాత్రం నమ్మలేకపోయాను. రికవరీ కీ చూపించమంటే 44 ఇంగ్లిష్ పదాలు ఇచ్చింది. ప్రింట్ తీశాను.

పాతసర్వర్
చాలా సంతోషం. ఆ 44 పదాల్లో మాస్టర్ కీయే ఉంది. వాటితో కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, `masterkey.cryptomator` ఫైల్ పోయినా మళ్లీ తయారవుతుంది. కాబట్టి వాటిని ఫొటో తీసి అదే క్లౌడ్‌లో పెట్టకండి. పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా ఆ పదాలు చెల్లుతూనే ఉంటాయి.

నీలిమ
చూశారా, ఆవిడకి పాతది గుర్తుంది కాబట్టి గట్టెక్కారు. ఒకే ఒక్క పాస్‌వర్డ్ పెట్టి అదే మర్చిపోయినవాళ్ల సంగతేంటి?

పాతసర్వర్
ఎక్కడా తెరిచి లేక, ఎక్కడా సేవ్ చేసి లేక, ఆ పదాలు కూడా లేకపోతే ఫైళ్లు పోయినట్టే. ఏ సపోర్ట్‌కి ఫోన్ చేసినా ఫలితం ఉండదు.

సుధ_ఆర్
అయితే నా స్కాన్‌లు మాత్రం వాల్ట్‌లో, ఫొటోలు మామూలుగా పెడతాను. ఇంకొక్కటి. ఆ పదాల కాగితం ఇంట్లో ఇంకొకరికి ఇచ్చిపెడితే మంచిదా? అప్పుడు వాళ్లు కూడా అన్నీ చదవగలరు కదా?

గోపి.కె
ఇవ్వకండి. ఇచ్చాక అది రహస్యమెలా అవుతుంది?

నీలిమ
ఇవ్వాలి. రేపు మీకేమైనా అయితే ఆస్తి కాగితాలు ఎవరు తీస్తారు? సీల్ వేసిన కవర్‌లో పెట్టి ఇవ్వండి, కవర్ చిరిగిందా అని అప్పుడప్పుడూ చూసుకోండి.