అమ్మ గొలుసు అమ్మితే 2 ఏళ్ల లెక్క ఎప్పట్నుంచి?

అందరికీ నమస్కారం, మాది విజయనగరం. కిందటేడు అమ్మ పోయాక ఆవిడ మూడు పేటల గొలుసు నా వాటాకొచ్చింది, 6 తులాలు, 1986లో పెళ్లికి తాతయ్య పెట్టింది, కొక్కెం దగ్గర అతుకేసిన గుర్తు కూడా ఉంది, బిల్లు మాత్రం లేదు. ఇంటి స్లాబ్ కోసం అమ్మేద్దామనుకుంటన్నాను. ఇదికాక 14 నెలల కిందట నేను కొనుక్కున్న 20 గ్రాముల కాయిన్స్ ఉన్నాయి.

తెలిసిన ట్యాక్స్ ఆయన ఏటంటాడంటే, గొలుసు నీ చేతికొచ్చి ఏడాదే కదా, షార్ట్ టర్మ్, స్లాబ్ రేటే అని. నేను చదివిందేమో వారసత్వంగా వస్తే అమ్మ దగ్గరున్న కాలం కూడా కలుస్తుంది, 24 నెలలు దాటితే లాంగ్ టర్మ్, ఇండెక్సేషన్ లేకుండా 12.5 శాతం అని. 2001 ఏప్రిల్ 1కి ముందుది కాబట్టి ఆ రోజు విలువే కొన్న ధరగా పెట్టుకోవచ్చంట. అంటే ఉదాహరణకి 7 లక్షలకి అమ్మితే, ఆనాటి విలువ 30 వేలనుకుంటే, 6.7 లక్షల మీద 83,750, పైన సెస్. ఈ లెక్క కరెక్టేనా?

కాయిన్స్ మాత్రం 24 నెలలు కాలేదు గనక లాభం జీతంలో కలిసిపోద్ది, అందుకే వాటిని ఇప్పుడు ముట్టుకోను.

అసలు డౌటు, 2001 విలువకి రిజిస్టర్డ్ వాల్యుయర్ రిపోర్ట్ అమ్మకముందే తీసుకోవాలా? కరిగించేశాక ఏం చూసి రాస్తాడు మరి? బిల్లు లేనప్పుడు అమ్మదేనని చూపడానికి పెళ్లి ఫొటో, అన్నదమ్ముల పంపకం కాగితం సరిపోతాయా? ఇలా అమ్మినోళ్లుంటే కాస్త చెప్పండి.