‘అక్క వస్తాది’ తప్పా? ఒక టీచరమ్మ ఉత్తరం మీద చర్చ

పుత్తూరు నుంచి, పోస్టు పెట్టినాయన: మా పక్క ఊరి బడి టీచరమ్మ తల్లిదండ్రులకు పంపిన ఉత్తరం ఇది. మీటింగులో ఒకాయన ‘బడికి పంపించినా మా వోడు ఇంకా వస్తాది, పోతాది అంటాండాడు, ఏం నేర్పిస్తున్నారు?’ అని గట్టిగానే అడిగినాడంట. ఉత్తరంలో చెప్పింది వ్యాకరణానికి నిలుస్తుందా, తెలిసినవాళ్లు చెప్పండి.

‘పెద్దలకు నమస్కారం. పిల్లలు “అక్క వస్తాది” అని రాస్తే నేను కొట్టేయడం లేదు. పక్కన “వస్తుంది” అని రాస్తున్నాను. ఎందుకంటే అది తెలియక చేసిన తప్పు కాదు. ఇంట్లో మనం అనే మాటలను వరసగా పెట్టి చూడండి: వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తాది, వస్తారు, వస్తాయి. “వస్తా” కదలదు, చివర మాత్రమే మారుతుంది. పుస్తకంలో అయితే ఆ నాలుగోది ఒక్కటే “వస్తుంది” అని దారి మారుతుంది. పిల్లలు ఆ ఒక్కటి అదనంగా నేర్చుకోవాలి, అంతే.

అక్కకు, ఆవుకు, బస్సుకు “వస్తాది” అంటారు. “అన్న వస్తాది” అని మాత్రం ఏ పిల్లా అనదు. నమ్మకం లేకపోతే ఇంట్లో చూడండి. “డముకు” అని లేని మాట ఒకటి చెప్పి, అదొక ఆట అనండి. రేపు అక్క ఏం చేస్తాది అని అడిగితే “డముకుతాది” అంటారు. నిన్న అన్న ఏం చేసినాడు అంటే “డమికినాడు” అంటారు. ఒకచోట “కు”, ఇంకోచోట “కి” ఎవరు నేర్పించినారు? అడుగుతాది, అడిగినాడు అని విని విని వాళ్లే పట్టుకున్నారు.

తప్పు ఎట్లుంటుందంటే, “వస్తాది”లో వత్తు మరిచి ఒకసారి “వసాది” అని, ఇంకోసారి దీర్ఘం మరిచి “వస్తది” అని రాస్తారు. ఒక్కోసారి ఒక్కో రకంగా వస్తే అది తప్పు. దాన్ని నేను దిద్దుతూనే ఉన్నాను.’

పలమనేరు నుంచి ఒకమ్మ: బాగానే ఉంది కానీ, మా పాప బెంగళూరులో చదవతాంది. అక్కడ అపార్ట్‌మెంట్‌లో కోస్తా వాళ్లు ‘యాడికి’ అంటే నవ్వుతారంట. ‘యాడికి’ అనొచ్చా, అనకూడదా? అదే నా టెన్షన్.

పోస్టు పెట్టినాయన: అక్కా, అది మాట తేడా. ఇక్కడ అడిగేది మాట చివర ఎట్లా మారుతుందని.

మదనపల్లె కుర్రోడు: అసలు మనదే ప్యూర్ తెలుగు! పాత కవులు ‘వచ్చినాఁడు’ అనే రాసినారు. ‘వచ్చాడు’ అనేది కోస్తా వాళ్లు పాడు చేసింది.

తిరుపతి, రిటైరైన తెలుగు పండితులు: సగం వరకు ఒప్పుకుంటాను నాయనా. ‘వచ్చినాడు’ పాత రూపమే. కానీ దాన్ని కుదించడం పాడు చేయడం కాదు. తెలంగాణలో ‘వచ్చిండు’ అన్నా, కోస్తాలో ‘వచ్చాడు’ అన్నా మూలం అదే. మనమూ ఊరుకోలేదు కదా, ‘వచ్చినాను’ను ‘వచ్చినా’ చేసుకున్నాం. టీచరమ్మ చెప్పిన ‘కు’, ‘కి’ సంగతి మాత్రం గట్టిది. ‘అడిగాడు’లో ‘డు’ ఎందుకు ‘డి’ అయింది? అక్కడ ఒకప్పుడు ‘ఇన’ ఉండింది కాబట్టి. కోస్తా మాటలో ఆ ‘ఇన’ పోయి గుర్తు మిగిలింది. మన పిల్లల ‘అడిగినాడు’లో కారణం కూడా కళ్లెదుట ఉంది.

శ్రీకాళహస్తి నాన్న: ఇప్పుడే మా ఇద్దరి మీద ట్రై చేసినా. చిన్నోడు ‘డముకుతాది’ అన్నాడు. ఇంగ్లీష్ మీడియంలో ఉండే పెద్దోడు ‘డముక్ చేస్తాది’ అన్నాడు. ఫెయిలేనా సార్?

పండితులు: పాసే! బయటి నుంచి వచ్చిన మాటకు ‘చేయి’ తగిలించడం మన పద్ధతి. ఫోన్ చేస్తాది, వాష్ చేస్తాది అనరూ? పెద్దోడికి ‘డముకు’ ఇంగ్లీషు మాటలా వినిపించి ఉంటుంది. అయినా చివర ‘తాది’ తప్పలేదు చూడు.

చంద్రగిరి నుంచి ఇంకొకరు: ఒక మెలిక ఉంది. వరస అంత తిన్నగా ఉంటే, జరిగినదానికి ‘అక్క వచ్చినాది’ అనాలి కదా? మా ఇళ్లలో ‘వచ్చింది’ అనే అంటాం. ‘వచ్చినాడు, వచ్చినారు, వచ్చినాయి’ల మధ్య ‘వచ్చింది’ వేరుగానే ఉంది. అంటే ఇంటి వరసలోనూ ఒకటి దారి మారింది. టీచరమ్మ తనకు కలిసొచ్చే వరస ఎంచుకున్నట్టుంది.

పండితులు: మంచి ప్రశ్న. ఆ మాట నిజమే. అయితే నియమం ఉండడం అంటే అన్నీ ఒకే అచ్చులో ఉండడం కాదు. ‘వచ్చింది’ అనేవాళ్లు ప్రతిసారీ ‘వచ్చింది’ అనే అంటారు, అది చాలు. కానీ ‘వస్తాది’లో నిలిచిన ‘ఆ’ ‘వచ్చింది’లో ఎందుకు లేదో నేను ఒక్క మాటలో తేల్చలేను.

కుప్పం నుంచి ఒకాయన: మా నాయనమ్మ ‘వచ్చినాది’ అనే అనేది. మా వైపు పెద్దోళ్లలో ఇంకా ఉండాది ఆ మాట.

చంద్రగిరి: అట్లయితే మండలాల వారీగా అడిగి చూడాల్సిందే. పుత్తూరు, పలమనేరు వాళ్లు మీ ఇంట్లో ముసలివాళ్లు ఎట్లా అంటారో రాయండి. ‘ఎట్లా అంటావు’ అని అడగొద్దు, అడిగితే సర్దుకుని చెబుతారు. ‘నిన్న బస్సు ఎన్నింటికి?’ అని అడిగి, వచ్చే జవాబు వినండి.