స్నేహితుల మధ్య ‘ఏమే’, ‘ఏమిరా’: ఎవరి నోట ఏది నొప్పి?

కర్నూలు, ఉపాధ్యాయురాలు:
మా స్నేహబృందంలో ఆరుగురం. అందరిలో చిన్నవాళ్లకు 27 ఏళ్లు, నాకు 51. మొన్న కొండారెడ్డి బురుజు దగ్గర కలుసుకుందామనుకుంటే ఒకమ్మాయి గంట ఆలస్యంగా వచ్చింది. ఆమె ఈడు స్నేహితురాలు ‘ఏమే, ఇప్పుడా రావడం?’ అంటే పకపకా నవ్వింది. ఆమె ఈడు అబ్బాయి కూడా అదే మాట అన్నాడు. వెంటనే ముఖం ముడుచుకుని ‘క్షమించండి, బస్సు దొరకలేదు’ అంది. మాట ఒకటే కదా?

అనంతపురం, విశ్రాంత అధ్యాపకుడు:
రోజూ ‘నువ్వు’ అనే స్నేహితుడితో ‘అండి’ అన్నదంటే గట్టిగానే నొచ్చుకుంది. మగవాడి నోట ‘ఏమే’ మనకు తండ్రి, అన్న, భర్త దగ్గర అలవాటు. అందులో చనువుతో పాటు పెత్తనమూ ఉంటుంది. స్నేహితుడు అంటే ఆ పెత్తనమే ముందు వినిపిస్తుంది. స్నేహితురాలు అంటే వినిపించదు, ఎందుకంటే ఆమెను తిరిగి ‘ఏమే’ అనవచ్చు.

కడప, విద్యార్థిని:
మా తరగతిలో అబ్బాయిలు మమ్మల్ని ‘ఏమిరా’ అంటారు, మేమూ అంటాం. గుంపును ‘రండిరా’ అని పిలిచేటప్పుడు అమ్మాయిలమూ కలిసిపోయాం. ఆ ‘రా’ అక్కడి నుంచే వచ్చింది.

అనంతపురం, విశ్రాంత అధ్యాపకుడు:
అదీ ఒక దారి కావచ్చు, కానీ అదొక్కటే కాదు. ఆడపిల్లను ‘ఏమిరా బంగారూ’ అని ముద్దు చేసే పెద్దవాళ్లను మీరూ చూసే ఉంటారు. అందుకే అబ్బాయి ‘రా’ అన్నప్పుడు ఒకమ్మాయికి సమానత్వం వినిపిస్తే, మరొకమ్మాయికి తనను చిన్నపిల్లను చేసినట్టు అనిపిస్తుంది.

ప్రొద్దుటూరు, వ్యాపారి:
మనకు ‘అబ్బీ’, ‘అమ్మీ’ ఉండగా ఇవన్నీ ఎందుకు? మా అంగడిలో అందరినీ అలాగే పిలుస్తాను, ఇంతవరకు ఎవరూ అలగలేదు.

కర్నూలు, ఉపాధ్యాయురాలు:
అంగడి మీది కాబట్టి అలగరేమో! మా బృందంలోని ఆ అబ్బాయి నన్ను ‘అమ్మీ’ అనగలడా? నేను అతన్ని ‘ఒరేయ్ సోమరీ’ అంటే, ‘అమ్మగారికి కోపం వచ్చినట్టుంది, తమరికి కుర్చీ వేయమంటారా?’ అంటాడు. అందరం నవ్వుతాం.

అనంతపురం, విశ్రాంత అధ్యాపకుడు:
చక్కటి ఉదాహరణ. పెద్దవాళ్లు మర్యాద తగ్గించి ఆటపట్టిస్తారు, చిన్నవాళ్లకు ఆ దారి లేక మర్యాద పెంచి ఆటపట్టిస్తారు. ‘తమరు’, ‘అమ్మగారు’ అని మోతాదు మించితే అది వేళాకోళం. ఆ అమ్మాయి ‘క్షమించండి’ అన్నప్పుడు మర్యాద మోతాదు సరిగ్గా ఉంది, పరాయివాళ్లతో ఉన్నంత. కోపాన్ని అక్కడే గుర్తుపట్టాలి.

కడప, విద్యార్థిని:
అయితే ఆ అబ్బాయి ‘ఏమిరా’ అని ఉంటే సరిపోయేదా?

కర్నూలు, ఉపాధ్యాయురాలు:
ఆమెనే అడిగాను. ‘అదీ వద్దక్కా, నాకు పేరుంది కదా’ అంది. ఆ అబ్బాయి మాత్రం పేరు పెట్టి పిలిస్తే హాజరు వేసినట్టు ఉంటుందని బాధపడుతున్నాడు. ఇద్దరూ ఇంకా మాట్లాడుకోవడం లేదు.