పేర్లు తీసేసినా మనిషెవరో తెలిసిపోతోంది. కేసుల సారాంశం ఎలా రాయాలి?

మాధవి: మా ప్లాంటులో ఈ ఏడాది వచ్చిన ఆరు ఫిర్యాదులకు సారాంశాలు రాసి, తొమ్మిది మంది సమీక్ష బృందానికి పంపాలి. పేర్లు, ఎంప్లాయీ నంబర్లు, ఫోన్లు తీసేశాను. మా మేనేజర్ చిత్తుప్రతి చూసి, "ఇది స్టోర్స్‌లో ఆవిడే కదా" అనేశారు. ఆ వాక్యం ఇది: "ప్రసూతి సెలవు ముగించుకుని ఆగస్టు 4న చేరిన స్టోర్స్ అసిస్టెంట్, నైట్ షిఫ్ట్ సూపర్‌వైజర్ తనపై అరిచాడని ఫిర్యాదు చేసింది."

సురేష్: ఇంత టెన్షన్ ఎందుకండీ? ఒరిజినల్ పీడీఎఫ్‌లోనే పేర్ల మీద నల్ల డబ్బాలు పెట్టి పంపేయండి. మేం అలాగే చేస్తాం.

పద్మజ: సురేష్ గారూ, ఆ డబ్బా మీదుగా మౌస్‌తో సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. చాలాసార్లు పేరు అక్షరం పోకుండా వచ్చేస్తుంది. డబ్బా కింద అక్షరాలు అలాగే ఉంటాయి మరి. ఒరిజినల్‌ను దిద్దే కన్నా కొత్త ఫైల్‌లో మళ్లీ రాయడమే మేలు. దిద్దిన వర్డ్ ఫైలే పంపక తప్పకపోతే File > Info > Check for Issues > Inspect Document తెరిచి పాత కామెంట్లు, రాసినవాళ్ల పేరు తీసేయండి.

మాధవి గారూ, మీ వాక్యంలో పేరు లేకపోయినా ఆనవాళ్లు నాలుగున్నాయి: ప్రసూతి సెలవు, తేదీ, స్టోర్స్, షిఫ్ట్. ఒక్కొక్కటీ ఎంతమందికి సరిపోతుందో లెక్కపెట్టండి, తర్వాత అన్నీ కలిపి లెక్కపెట్టండి. ఒక్కరే మిగిలితే పేరు రాసినట్టే. పైగా మన తెలుగులో క్రియే ఆడో మగో చెప్పేస్తుంది. "చేసింది", "అరిచాడు" బదులు "చేశారు", "అరిచారు" అనండి. నేనైతే ఇలా రాస్తాను: "దీర్ఘ సెలవు నుంచి తిరిగి వచ్చాక పై అధికారి తనపై అరిచారని ఒక ఉద్యోగి ఫిర్యాదు చేశారు."

కిరణ్: నా జీతం స్లిప్పు ఎవరో గ్రూపులో పెట్టేశారు. దానికి ఎవరిని అడగాలి?

పద్మజ: కిరణ్ గారూ, అది వేరే సంగతి. విడిగా అడగండి, చెబుతాను.

మాధవి: సెలవు పెట్టినందుకే వేధిస్తున్నారన్నది ఆవిడ ఫిర్యాదు. ప్రసూతి అన్న మాట తీసేస్తే కేసే మారిపోదా?

పద్మజ: నిజమే. ఆ మాట లేకపోతే బృందం నిర్ణయం తప్పుతుందనుకుంటే ఉంచి, స్టోర్స్, షిఫ్ట్, తేదీ తీసేయండి. అప్పటికీ ఆవిడే తేలితే ఆ కేసు చూసేవాళ్లను ముగ్గురికి తగ్గించమని అడగండి. ఇంకోటి, ఆ ఆరింటిలో మహిళపై లైంగిక వేధింపు ఫిర్యాదు ఉంటే కలపకండి. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు తెచ్చిన 2013 చట్టం సెక్షన్ 16 ప్రకారం ఫిర్యాదులో ఏముందో, ఎవరు ఎవరో బయటపెట్టకూడదు.

రమణ: ఒకే సూపర్‌వైజర్ రెండు కేసుల్లో ఉంటే "అధికారి-1" అని రెండుచోట్లా రాయాలా? రాస్తే దొరికిపోతారు, రాయకపోతే పదేపదే చేస్తున్నారని బృందానికి తెలియదు.

పద్మజ: మా ఆఫీసులో ఇద్దరం ఇదే విషయంలో ఇప్పటికీ వాదించుకుంటున్నాం.

మాధవి: మా దాంట్లో కూడా ఒకాయన రెండు కేసుల్లో ఉన్నారు! ప్రస్తుతానికి వేరువేరు గుర్తులే ఇచ్చాను. ఎవరికి ఏ గుర్తో రాసిన పట్టిక మేనేజర్ బీరువాలో పెట్టించాను.