సెక్షన్‌కో షీటా, ఆఫీసంతటికీ ఒకే షీటా? కొత్త బిల్డింగుకు సామాను తరలింపు

ఒంగోలు_జూనియర్: మా ఆఫీసు వచ్చే నెల ఒంగోలులోనే కొత్త బిల్డింగుకి మారుతోంది. 5 సెక్షన్లు, 31 కంప్యూటర్లు, 40 బీరువాలు, రికార్డ్ రూం కట్టలు వేరే. చెక్‌లిస్టు నన్ను తయారుచేయమన్నారు. సెక్షన్‌కో షీటు ఇచ్చి వాళ్ళనే రాసుకోమనాలా, ఆఫీసంతటికీ ఒకే షీటు పెట్టాలా?

చీమకుర్తి_99: సెక్షన్‌కో షీటు. ఎవరి సామాను వాళ్ళకే తెలుస్తుంది.

పాతరికార్డు: ఒకే షీటు పెట్టండి. వస్తువుకో లైను, సెక్షన్ పేరు అందులో ఒక గడి మాత్రమే. ఎందుకంటే ఏ సెక్షన్‌కీ చెందని సామాను ప్రతి ఆఫీసులోనూ చాలా ఉంటుంది. వరండాలో బెంచీలు, జెరాక్స్ మిషను, యూపీఎస్, గోడకున్న నెట్‌వర్క్ స్విచ్చి. విడి షీట్లు ఇస్తే వీటిని పక్క సెక్షన్ వాళ్ళు రాసుంటారని అందరూ వదిలేస్తారు. దించాక అడిగేవాడుండడు.

నంబరు మీద ఎక్కడినుంచి వచ్చిందో కాదు, ఎక్కడ దించాలో ఉండాలి. ‘2-07-సి-14’ అంటే రెండో అంతస్తు, ఏడో గది, సి సెక్షన్, 14వ వస్తువు. మోసేవాళ్ళకి మొదటి రెండు ముక్కలే కావాలి. అవి పెద్ద అక్షరాల్లో రాయండి. గది గుమ్మం మీద కూడా అదే నంబరు ముందురోజే అంటించాలి. బీరువాకి స్టిక్కరు తలుపు మీద, కంటి ఎత్తున వేయండి. పైన వేస్తే మోసేటప్పుడు ఎవరికీ కనపడదు.

సిస్టమ్స్_నెల్లూరు: షీటు ఒకటే ఉండాలన్నది ఒప్పుకుంటా. కంప్యూటర్‌కి మాత్రం సెట్టుకో లైను చాలు. సీపీయూ, మానిటర్, కీబోర్డు, మౌస్ అన్నిటికీ విడివిడి లైన్లు పెడితే 31 కాస్తా 124 అవుతాయి, ఎవరూ నింపరు. వైర్లన్నీ ఒక కవర్లో వేసి సీపీయూకి టేపు వేయండి. ఆపేముందు ప్రతి సిస్టంలో పవర్‌షెల్ తెరిచి ఈ రెండూ కొట్టి, వచ్చింది ఫోటో తీసుకోండి:

```
(Get-CimInstance Win32_BIOS).SerialNumber
ipconfig /all
```

మొదటిది సీరియల్ నంబరు. రెండోదానితో ఐపీ అడ్రసు చేత్తో పెట్టిన సిస్టంలేవో తెలుస్తాయి. కొత్త బిల్డింగులో ఐపీ వరుస మారితే ఇబ్బంది పడేవి అవే.

పాతరికార్డు: కీబోర్డు, మౌస్ వదిలేయండి. మానిటర్‌ని వదలకండి. సి సెక్షన్‌లో 7 సెట్లు ఉన్నాయనుకోండి. దించాక లెక్కపెడితే 7 వస్తాయి, టిక్కు పడుతుంది. అందులో ఒక మానిటర్ బి సెక్షన్‌ది, సి వాళ్ళ కొత్తది బి గదిలో ఉంది. రెండు గదుల్లోనూ లెక్క సరిపోయింది, వస్తువు మారింది. స్టాక్ రిజిస్టరులో సీరియల్ నంబర్లు సరిచూసిన రోజే బయటపడుతుంది. మీ కమాండు సీపీయూ నంబరే ఇస్తుంది. మానిటర్ నంబరు వెనక స్టిక్కరు చూసి రాయాల్సిందే.

పైగా అసెంబుల్ చేయించిన సిస్టంలలో ఆ కమాండు కొడితే చాలాసార్లు నంబరు రాదు, `To be filled by O.E.M.` అని వస్తుంది. వాటికి స్టాక్ రిజిస్టరు నంబరే పెయింటు మార్కరుతో క్యాబినెట్ మీద రాయండి. 31కి 62 లైన్లు, అంతే.

దర్శి_రావు: లారీనా, ట్రాక్టరా? బాడుగ ఎంత చెప్తన్నారు?

కావలి_స్టోర్స్: మానిటర్ సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా. నేను పనిచేసిన ఒక ఆఫీసు మారినప్పుడు 2 మానిటర్లు తగ్గాయని నా జీతంలో రికవరీ వేశారు. ఉన్నది ఒకే షీటు, దాని మీద సంతకం నాదొక్కడిదే. సెక్షన్‌కో షీటు ఇచ్చుంటే ఎవరిది పోయిందో వాళ్ళే చెప్పేవాళ్ళు.

సిస్టమ్స్_నెల్లూరు: అది షీటు తప్పు కాదన్నా, సంతకం తప్పు.

అద్దంకి_లక్ష్మి: బీరువాలు ఖాళీ చేయకుండా ఎత్తనివ్వకండి. ఫైళ్ళతో వంచితే ఫ్రేము మెలిపడుతుంది, తర్వాత తలుపు గడిలో కూర్చోదు. ఆరున్నర అడుగుల బీరువా మెట్ల మలుపులో తిరుగుతుందో లేదో ముందే టేపుతో కొలవండి. తాళాలకి బీరువా నంబరే దారంతో కట్టి ఒక డబ్బాలో వేసి, ఆ డబ్బాకి కూడా షీటులో లైను పెట్టండి.

చీమకుర్తి_99: ఫైళ్ళ సంగతి ఎవరూ చెప్పరే?

పాతరికార్డు: ఫైలుకో లైను రాస్తే తెగదు, కట్టకో లైను చాలు. రికార్డ్ రూంలో ఆర్.డిస్. శాశ్వతంగా ఉంచేవి, డి.డిస్. పదేళ్ళవి, ఎల్.డిస్. ఏడాదివి. గడువు దాటినవాటిని పద్ధతి ప్రకారం అనుమతి తీసుకుని ఇక్కడే తీసేస్తే ఆ మేరకు మోత తగ్గుతుంది. మిగతావాటిని ర్యాకు, అర నంబరు రాసి, అర తర్వాత అరగా దించుకుంటూ అదే వరుసలో సర్దాలి. వరుస చెదిరితే కట్ట పోకపోయినా పోయినట్టే. నడుస్తున్న ఫైళ్ళు అందులో కలపకండి. గుమాస్తా తన పర్సనల్ రిజిస్టరు చూసి, ఏది తన దగ్గరుందో టిక్కు పెట్టుకుని, ఆఖరి ట్రిప్పులో పంపాలి.

వచ్చే నెలంటే నవంబరు. మన కోస్తాకి అసలు వానలు అప్పుడే. టార్పాలిన్ ఒక్కటే చాలదు. కొత్త ప్లాస్టరింగు గోడలో తడి ఇంకా ఉంటుంది. కట్టలు నేలమీద, గోడకి ఆనించి పెడితే కింది వరస చెమ్మ పీల్చి బూజు పడుతుంది. ర్యాకులు ముందు ట్రిప్పులో వెళ్ళి బిగించాకే కట్టలు కదలాలి.

కావలి_స్టోర్స్: ఇవన్నీ బాగున్నాయి. నేను చెప్పింది మాత్రం ఎవరూ తాకడం లేదు. ‘ఒకే షీటు’ అంటే ఒక్క మనిషి మెడకి చుట్టడమే. ఆ జూనియర్ మెడకి!

పాతరికార్డు: షీటు ఒకటి అన్నాను గానీ సంతకం ఒకటి అనలేదు కదా! లైను చివర రెండు గడులు పెట్టాలి. ఎక్కించేటప్పుడు ఇచ్చే సెక్షన్ సంతకం, దించాక తీసుకునేవాళ్ళ సంతకం. వస్తువుకో లైను ఉంది కాబట్టే ఈ రెండూ కుదురుతాయి. సెక్షన్‌కో షీటు అయితే కింద ‘అన్నీ సరిగా ఉన్నాయి’ అని ఒక్క సంతకం పెట్టేసి పోతారు.

కావలి_స్టోర్స్: మరి మధ్యలో? ఎక్కించినవాడు సంతకం పెట్టాడు, దించినవాడు రాలేదన్నాడు. లారీలో ఉన్న గంటసేపు అది ఎవరి పూచీ? నా మానిటర్లు పోయింది అక్కడే.

పాతరికార్డు: ట్రిప్పుకో చీటీ, రెండు కాపీలు. బండి నంబరు, ఎక్కిన వస్తువుల నంబర్లు, మొత్తం ఎన్ని. ఒక కాపీ బండితోపాటు వెళ్ళే మన మనిషి దగ్గర. డ్రైవరు ఒక్కడినీ పంపకూడదు.

కావలి_స్టోర్స్: ఆ వెళ్ళే అటెండరు పూచీ పడతాడా? స్టాక్ రిజిస్టరులో పేరు నాదేగా.

సిస్టమ్స్_నెల్లూరు: మానిటర్లకి వేరే లైన్లు సరే, ఒప్పుకుంటున్నా. ఇంకొకటి చెప్పాలి. పాత సిస్టంలు రెండు మూడు రోజులు కరెంటు లేకుండా ఉంటే, మదర్‌బోర్డు మీద బిళ్ళ బ్యాటరీ, సీఆర్ 2032, అయిపోయినవాటిలో తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది. అప్పుడు సర్టిఫికెట్ ఎర్రర్ చూపించి సైట్లేవీ తెరుచుకోవు. నెట్ రాలేదని కేబుల్ పీకకండి, ముందు గడియారం చూడండి. పది బ్యాటరీలు తెచ్చిపెట్టుకోండి.

ఒంగోలు_జూనియర్: అందరికీ కృతజ్ఞతలు. ఒకే షీటు, మానిటర్లకి విడి లైన్లు, రెండు సంతకాలు, ట్రిప్పు చీటీ పెడతాను. బండిలో ఉన్నప్పుడు పూచీ ఎవరిదో సూపరింటెండెంట్ గారిని అడుగుతా.

కావలి_స్టోర్స్: నోటితో అడగొద్దు తమ్ముడూ, నోట్ పెట్టి అడుగు. జవాబు వచ్చిందాకా మొదటి బండి కదలనీయకు.

పాతరికార్డు: జవాబు రాకపోతే ఆఫీసు మారకుండా ఆగుతుందా? చీటీ రెండో కాపీ దగ్గర పెట్టుకుని పంపండి.

కావలి_స్టోర్స్: రికవరీ పడింది మీకు కాదు కదా.