అప్‌డేట్: ఉదయం నిద్ర తొట్టిలోకి మారింది

అప్పుడు నేను అడిగింది: "మా పాపకు 5వ నెల. రాత్రి తొట్టిలోనే పడుకుంటుంది, పగలు మాత్రం నా గుండెల మీదే. దించితే 2 నిమిషాల్లో లేస్తుంది. ఎలా మాన్పించాలి?"

మూడు వారాలయింది. నిద్రలన్నీ ఒకేసారి మార్చబోయి మొదటి రెండు రోజులు ఇద్దరం ఏడ్చాం. తర్వాత ఉదయం మొదటి నిద్ర ఒక్కటే పట్టుకున్నాను, ఆ పూట పాప తేలిగ్గా నిద్రలోకి జారుతుంది కాబట్టి.

కన్ను మూయగానే దించేదాన్ని, అదే పొరపాటు. ఇప్పుడు 15, 20 నిమిషాలు ఆగి, చేయి ఎత్తి వదులుతాను. వేలాడిపోతే దించుతాను: ముందు పిరుదులు, తర్వాత వీపు, చివరగా తల. తల ముందు వాలితే పడిపోతున్నట్టు ఉలిక్కిపడి చేతులు చాచేస్తుంది. వెల్లకిలా పడుకోబెట్టాక కాసేపు ఛాతీ మీద అరచేయి ఉంచుతాను.

అయినా కొన్నిసార్లు లేచేది. దొంగ మన విశాఖ ఉక్కపోత! నాకు ఆనుకున్న పొట్ట దగ్గర చొక్కా చెమటకు తడిసేది, దించగానే ఫ్యాను గాలికి చల్లగా తగిలేది. ఇప్పుడు మా మధ్య పలుచని నూలు గుడ్డ వేసుకుని, దించేటప్పుడు తీసేస్తున్నాను.

అత్తయ్య చీర ఉయ్యాల కట్టమన్నారు. అందులో మెడ వంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది, ఊపిరికి ఇబ్బంది అని ఒప్పుకోలేదు. తొట్టిలో గట్టి పరుపు తప్ప దిండు, దుప్పటి లేవు.

నిన్న 40 నిమిషాలు పడుకుంది. సాయంత్రం నిద్ర ఇంకా నా మీదే. దాని జోలికి ఇప్పట్లో వెళ్ళను.