రోజూ అదే పనైతే లాగ్‌బుక్‌లో ఏం రాయాలి?

బీకాం ఫైనల్, గుంటూరు: బ్రాడీపేటలో ఆడిటర్ ఆఫీసులో ఇంటర్న్‌షిప్. వారం రోజులుగా కొనుగోలు బిల్లులను జీఎస్టీఆర్-2బితో, అంటే సరఫరాదారులు చూపిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే నెలవారీ జాబితాతో, సరిచూడటమే పని. ‘లెర్నింగ్ అవుట్‌కమ్’ రోజుకొకటి కొత్తగా ఉండాలని గైడ్ సార్ అంటున్నారు. ఉన్నదున్నట్టు రాయాలా, కల్పించాలా?

బెజవాడ సీనియర్: రోజూ రాయక్కర్లేదు తమ్ముడూ. శనివారం కూర్చుని ఆరు రోజులవీ రాసేసి, సంతకాలన్నీ ఒకేసారి పెట్టించుకో. అంతా ఎవరు చదువుతారు?

కామర్స్ లెక్చరర్: వైవాలో దొరికిపోయేది అక్కడే. గత నెల 2బి పోర్టల్‌లో కనబడేది ఈ నెల 14న. 9వ తేదీ గడిలో ‘గత నెల 2బి సరిచూశాను’ అని ఉంటే కూర్చుని అల్లినట్టే. శనివారం సాపు చేసుకుంటే తప్పు లేదు కానీ చిత్తు మాత్రం ఏ రోజుది ఆ రోజే ఉండాలి.

పని ఒకటే అయినా తేడాలు రోజుకో రకం వస్తాయి. ఆ తేడానే రాయండి. ఉదాహరణకి రిజిస్టర్‌లో 46 బిల్లులు, 2బిలో 44 ఉన్నాయనుకోండి. మూడు కలవలేదు. ఒకటి రెండు చోట్లా ఉంది కానీ బిల్లు నంబరులో గీత మన ఎంట్రీలో పడలేదు, అందుకే ఎక్సెల్ పట్టలేదు. మిగతా రెండు 2బిలో లేనే లేవు. అందులో ఒకదానికి సరఫరాదారు తన అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1ని గడువు తేదీ 11 దాటాక వేశాడు, కాబట్టి వచ్చే నెల 2బిలో వస్తుంది. ఇంకోదాన్ని మన జీఎస్టీ నంబరు కాకుండా వేరేవాళ్ల నంబరు మీద వేశాడు, అతనే సవరించాలి.

ఇక పని గడిలో ‘46 బిల్లులు సరిచూశాను, 3 తేలలేదు’. నేర్చుకున్న గడిలో ‘బిల్లు చేతిలో ఉన్నా 2బిలో లేకపోతే ఈ నెల పన్ను క్రెడిట్ తీసుకోకూడదు’. ‘జీఎస్టీపై అవగాహన పెరిగింది’ అని రాస్తే నేను అడిగే మొదటి ప్రశ్న ‘ఏం పెరిగింది?’ అనే.

ఆటోనగర్ డిప్లొమా: మాకు లేత్ మీదే పనండి, బిల్లులుండవు. మరి మేం జీఎస్టీ ఎందుకు రాయాలి?

కామర్స్ లెక్చరర్: మీరు రాయనక్కర్లేదండీ, అది ఆయన పని. మీరు కొలత ఎంత తప్పింది, ఎందుకు తప్పిందో రాయండి.

ఆడిట్ ఆఫీసు అసిస్టెంట్: ఒక్క మాట. క్లయింట్ పేరు, జీఎస్టీ నంబరు, మొత్తాలు లాగ్‌బుక్‌లో పెట్టొద్దు. ‘క్లయింట్ ఎ’ చాలు. స్క్రీన్‌షాట్ అంటించిన పేజీ మీద మా మేడం సంతకం పెట్టరు.

బెజవాడ సీనియర్: ఎ, బి అని రాస్తే గైడ్ నమ్ముతారా? మా కాలేజీలో ఆధారాలు అడుగుతారు.

కామర్స్ లెక్చరర్: ఖాళీ ఫార్మాట్, తేడాల జాబితా చాలని నా లెక్క. అన్ని కాలేజీలూ ఒప్పుకుంటాయని చెప్పలేను.

బీకాం ఫైనల్, గుంటూరు: మరి బిల్లులు రాక ఖాళీగా కూర్చున్న రోజు?

కామర్స్ లెక్చరర్: ‘బిల్లులు రాలేదు, 2బిలో లేని నిన్నటి రెండింటికి సరఫరాదారులకు ఫోన్లు’ అని రాయండి. అదీ లేకపోతే ‘పని లేదు’ అనే.

ఆడిట్ ఆఫీసు అసిస్టెంట్: ‘పని లేదు’ మీద మాత్రం మేడం సంతకం కష్టమే సార్!